ఎ షిఫ్టు సొలొమోను, బి షిఫ్టు థామస్

మొగుడు పోయిన నాలుగో నెలలో రాగసుధ ఫ్యాక్టరీకి మనుషుల బడ్జెట్ వేసింది.

చిల్లకల్లు దాటాక హైవేని ఆనుకుని ఉంటుంది ఆ ఫ్యాక్టరీ. సిమెంటు సంచులు తయారుచేస్తారు. ప్లాస్టిక్ గింజల్ని కరిగించి దారం తీసి, మగ్గాల మీద గొట్టంలా నేసి, దాని మీద కంపెనీ బొమ్మ అచ్చువేసి, కోసి కుడతారు. జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు కంపెనీలకి సంచులు పోయేది అక్కడినుంచే. సిమెంటువాళ్లకి జనవరి నుంచి మార్చి దాకా ఊపిరి సలపదు. సంవత్సరాంతం టార్గెట్లు ఒకపక్క, వానలొచ్చేలోగా ఇళ్లు లేపుకుందామనే జనం ఒకపక్క. వాళ్ల సీజనే వీళ్ల సీజను.

రాగసుధ ఆ ఫ్యాక్టరీలో టైమాఫీసు ఇన్‌చార్జి. ఏ షిఫ్టుకి ఎంతమంది కావాలి, వాళ్ల జీతమెంత, దాని మీద పీఎఫ్ ఎంత, ఈఎస్ఐ ఎంత, ఓవర్‌టైము ఎంత తేలుతుంది, ఇవన్నీ ఆవిడే చూడాలి. నందిగామ రైతుపేటలో ఇల్లు. భర్త ఉదయభాస్కర్ ఆగస్టులో గుండె ఆగి పోయాడు. నలభై రెండేళ్లు. ఇప్పుడా ఇంట్లో రాగసుధ, అత్తగారు దుర్గాంబ, అంతే. దుర్గాంబ రిటైరైన తెలుగు టీచరు. కొడుకు పోయినప్పుడు గుండెలవిసేలా ఏడ్చింది. కోడలు ఏడవలేదు. ఏడుపు రాలేదు, అంతే. కంపెనీ బస్సు ఎక్కింది, దిగింది, పని చేసింది. ఎవరన్నా పలకరిస్తే "బాగానే ఉన్నానండి" అంది. లోపల మాత్రం మత్తు ఇంజెక్షనిచ్చిన పంటి చిగురులా అంతా మొద్దుబారిపోయింది.

డిసెంబరులో ప్లాంట్ మేనేజరు పార్థసారథి తన గదిలోకి పిలిచాడు. పక్క కుర్చీలో లేబర్ కాంట్రాక్టరు దేవరాజ్ కూర్చునున్నాడు. అరవై మందిదాకా మనుషుల్ని అతనే పంపుతాడు ఫ్యాక్టరీకి.

"సీజనుకి ప్రింటింగులో రెండు మెషీన్లు అదనంగా తిప్పాలమ్మా. హెల్పర్లు ఎంతమంది కావాల్సొస్తారు?" అన్నాడు పార్థసారథి.

రాగసుధ లెక్క వేసుకునే వచ్చింది. "అయిదు చోట్ల మనిషి నిలబడాలండి. మూడు షిఫ్టులకి పదిహేను మంది. ఒక్కొక్కరికి వారానికో సెలవు ఇవ్వాలి కదా, ఆ రోజు బదులు నిలబడటానికి ముగ్గురు. పద్దెనిమిది. నాగాలకి ఇంకో ఇద్దర్ని వేశా. ఫిబ్రవరిలో పెనుగంచిప్రోలు తిరనాళ్లొస్తాయి, అప్పుడెవరూ రారు."

"ఆ ఇద్దర్నీ తీసెయ్. పద్దెనిమిదితో సర్దుదాం. ఓవర్‌టైము చేయిస్తే?"

"రూల్ ప్రకారం డబుల్ ఇవ్వాలండి. రోజుకూలి అయిదొందలనుకుంటే, ఎనిమిది గంటల ఓవర్‌టైముకి వెయ్యి. దానిమీద పీఎఫ్ పడదు గానీ ఈఎస్ఐ పడుతుంది. మొత్తం వెయ్యిన్నీ ముప్ఫై రెండున్నర. అదే కాంట్రాక్టు మీద కొత్త మనిషిని తెచ్చుకుంటే అయిదొందలకి పీఎఫ్ పదమూడు శాతం, ఈఎస్ఐ మూడుంపావు, బోనస్ కింద పక్కన పెట్టేది, దేవరాజ్ గారి సర్వీస్ చార్జీ, అన్నీ కలిపినా ఆరొందల డెబ్బై దాటదు."

"మరింకేం. కొత్తవాళ్లనే తెద్దాం. హైదరాబాదు హెడ్డాఫీసువాళ్లు ఓవర్‌టైము పద్దుని నిరుటి అంకె దగ్గరే ఆపేశారు. ఒక్క రూపాయి పెంచరు."

"కొత్తవాళ్లు దొరకాలి కదండి," అంది రాగసుధ. "జనవరి నుంచి మిరప కోతలు. చేలో కూలి మనకంటే ఎక్కువిస్తున్నారు, పైగా ఆటో పంపించి మరీ తీసుకెళ్తున్నారు."

దేవరాజ్ నవ్వాడు. "మనుషుల్ని తెచ్చే పని నాది మేడం. లైసెన్సులో ఎనభై మంది దాకా జాగా ఉంది. మీరు నంబరేసుకోండి."

వేసుకుంది. బడ్జెట్ షీట్లో పద్దెనిమిది అని కొట్టింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి. మూడు గళ్లు. హైదరాబాదు ఆఫీసు రెండు రోజుల్లో సరేనంది.

జనవరి మొదటివారంలో దేవరాజ్ కొత్తవాళ్ల ఆధార్ కాపీలు పంపాడు, పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు తీయించడానికి. రాగసుధ ఒక్కొక్కటీ చూసి కంప్యూటర్లోకి ఎక్కించింది. వాళ్లలో సగంమందికి ఇంటిపేరు, తండ్రిపేరు ఇదివరకే పనిచేస్తున్నవాళ్లతో కలిశాయి. అన్నదమ్ములు. చిల్లకల్లులో ఒకే ఇంట్లోంచి ఇద్దరు పనికి రావడం వింతేమీ కాదు. అయినా ఆవిడకి తెలిసింది. మనుషులు రాలేదనీ, పేర్లే వచ్చాయనీ తెలిసింది. పొద్దున ఆరు నుంచి రెండు దాకా చేసే ఎ షిఫ్టు వాడే, రెండు నుంచి రాత్రి పది దాకా బి షిఫ్టులో ఇంకో పేరుతో నిలబడతాడు. కాంట్రాక్టువాళ్లకి గేటు దగ్గర వేలిముద్రలు లేవు, కార్డు చూపిస్తే చాలు. మనిషికి రెండో కూలి దొరుకుతుంది, సింగిల్ రేటున. కంపెనీకి డబుల్ తప్పుతుంది. కాగితం మీద ఓవర్‌టైము ఒక్క గంట కూడా ఉండదు. మూడు నెలల్లో డెబ్బై అయిదు గంటలు దాటకూడదన్న రూలు పది రోజుల్లో తెల్లారిపోవడం గానీ, మనిషిచేత రోజుకి పదహారు గంటలు పనిచేయించడమే చట్టం ఒప్పుకోదన్న సంగతి గానీ ఎక్కడా కనపడదు.

అప్పుడు అడగాల్సింది. అడగలేదు. భయపడి కాదు. అడగాలని అనిపించడానికి లోపల ఏదో ఒకటి కదలాలి కదా, అది కదల్లేదు. తర్వాతి కాపీ తీసింది.

*

ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం, కంపెనీ బస్సుకోసం బ్యాగు సర్దుకుంటుంటే సెక్యూరిటీ వాళ్లు ఫోన్ చేశారు. ప్రింటింగులో హెల్పరు చెయ్యి రోలరులో పడిందని.

వెళ్లేసరికి అంబులెన్సు గేటు దాటిపోయింది. మెషీను ఆపారు. రోలరు కింద రంగు కారిన మరక, పక్కన ఇంకో మరక. షిఫ్టు సూపర్‌వైజరు గోడకి చేరగిలబడి ఉన్నాడు.

"రోలరు మీద రంగు గడ్డకట్టింది మేడం. ఆపకుండానే గుడ్డతో తుడవబోయాడు. గుడ్డతోపాటు వేళ్లు లోపలికెళ్లాయి. పొద్దున్నించీ ఉన్నాడు కదా, కళ్లు మూతలు పడుతున్నాయి వాడికి."

"ఎవరు?"

"సొలొమోను."

ఫస్ట్ ఎయిడ్ గదిలో ఆసుపత్రికి రాసిచ్చిన చీటీ నకలు చూసింది. అందులో థామస్ అని ఉంది. జేబులో ఉన్న కార్డు చూసి రాశారు. ఆ పూట సొలొమోను గేటు దగ్గర చూపించింది అన్న థామస్ కార్డు. అసలు థామస్ ఖమ్మంలో ఆటో తోలుతాడు. ఈ ఫ్యాక్టరీ గేటు ఎప్పుడూ చూడలేదు.

దేవరాజ్ బండి మీద వచ్చాడు. మనిషి చెమటలో తడిసిపోయున్నాడు. "ఈఎస్ఐ ఆసుపత్రికే పంపించాం మేడం, విజయవాడ. థామస్‌కి ఈఎస్ఐ నంబరుందిగా, ఏమీ ఇబ్బంది లేదు. అన్నీ కవరవుతాయి."

"చెయ్యి సొలొమోనుది కదండి."

"ఇద్దరూ ఒక్క తల్లి పిల్లలేగా. ఇంచుమించు ఒక్కలాగే ఉంటారు కూడా," అన్నాడు దేవరాజ్.

*

మర్నాడు పొద్దున రాగసుధ కంపెనీ జీపులో విజయవాడ వెళ్లింది. ప్రమాదం రిపోర్టు ఈఎస్ఐవాళ్లకి ఆ సాయంత్రంలోగా పంపాలి. మనిషిని చూడకుండా ఎలా రాయడం?

వార్డులో కిటికీ పక్క మంచం. కుడిచేతికి మోచేతిదాకా కట్టు. చూపుడువేలు, మధ్యవేలు తీసేశారు. సొలొమోనుకి ముప్ఫై నాలుగేళ్లుంటాయి. బక్కపల్చటి మనిషి. కళ్లు తెరిచే ఉన్నాడు. పక్కన స్టూలు మీద అతని భార్య జయమణి. మిరప కోతకి వెళ్లినదల్లా చేను మధ్యలోంచి వచ్చేసినట్టుంది. వేళ్లు మంటపుట్టి ఎర్రగా ఉన్నాయి. కళ్లు తుడుచుకోవాల్సొచ్చినప్పుడల్లా వేళ్లు తగలకుండా ముంజేత్తో ఒత్తుకుంటోంది.

నర్సమ్మ గుమ్మంలోంచి పిలిచింది. "థామస్! థామస్ ఎవరండీ? డ్రెస్సింగ్‌కి రావాలి."

ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచింది. జయమణి మొగుడి భుజం మీద తట్టింది. "నిన్నే."

సొలొమోను ఉలిక్కిపడి, "ఆ, నేనేనండి," అని లేవబోయాడు.

రాగసుధ అది చూస్తూ నిలబడింది. డ్రెస్సింగ్ అయి అతను తిరిగొచ్చాక అడిగింది. "నిన్న పొద్దున షిఫ్టు కూడా చేశావా?"

అతను భార్యకేసి చూశాడు. "జనవరినించీ రెండూ చేస్తన్నానండి. ఆదివారం తప్పించి. నేనొక్కణ్ణే కాదు, తొమ్మిదిమందిమి ఉన్నాం. బలవంతం ఎవరూ చెయ్యలేదండి. డబ్బులొస్తాయని మేమే ఒప్పుకున్నాం." కట్టు కట్టిన చెయ్యి ఒళ్లోకి తీసుకుని, "మేడం, దేవరాజ్ గారు చెప్పారు, మెడికల్ బోర్డుకి కూడా థామస్ పేరుతోనే రావాలంట. పింఛనేదన్నా వస్తే అన్న ఎకౌంట్లో పడతదంట, అన్న తీసిస్తాడంట," అన్నాడు.

"నీకేమనిపిస్తోంది?"

"నాకేం తెలుసండీ. అన్న మంచోడే."

జయమణి స్టూలు మీంచి లేచింది. గొంతు పెంచలేదు. "మా బావగారు మంచోరేనండి. కానీ చేతి ఏళ్లు పోయింది మా ఆయనకి కదండి. రేపు ఆయన ఏ పనికెళ్లినా నీ చెయ్యేమైందంటే ఏం చెప్పాలి? కాగితం మీద మా ఆయనకి రెండు చేతులూ బాగున్నాయి. బావగారికి ఏళ్లు లేవు. ఆయనేమో రెండు చేతుల్తో ఆటో తోల్తా ఉంటాడు. ఎన్నేళ్లు చెప్పాలండి ఈ అబద్ధం? మాకేం ఎక్కువొద్దు మేడం. మా ఆయన పేరు మా ఆయనకిప్పించండి."

ఉదయభాస్కర్ పోయాక పింఛను కాగితాలకి రాగసుధ ఎంత తిరిగిందో ఆవిడకే తెలుసు. పీఎఫ్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. ఒకచోట చివర రావు ఉంది, ఇంకోచోట లేదు. చచ్చిపోయింది ఈయనే అని రుజువు చేయడానికి మూడు నెలలు పట్టింది. కౌంటరు దగ్గర నిలబడ్డప్పుడు కూడా ఏడుపు రాలేదు. ఇప్పుడూ రాలేదు. కానీ జయమణి మాట చెవిలో అలాగే ఉండిపోయింది.

"మధ్యాహ్నం భోజనం చేశావా?" అని అడిగింది చివరికి. జయమణి తల అడ్డంగా ఊపింది. కిందకెళ్లి రెండు పార్సిళ్లు కొనిచ్చి జీపెక్కింది.

*

పార్థసారథి ఎదురుచూస్తున్నాడు. చెడ్డమనిషేమీ కాదు. ఉదయభాస్కర్ పోయినప్పుడు నందిగామ దాకా వచ్చి, సాయంత్రందాకా వీధిలో కుర్చీలో కూర్చుని వెళ్లినవాడు.

"కూర్చో అమ్మా. ఎలా ఉన్నాడు?"

"రెండు వేళ్లు తీసేశారండి."

"పాపం." పేపర్‌వెయిట్ ఇటుతిప్పి అటుతిప్పాడు. "రిపోర్టు థామస్ పేరునే పంపిద్దాం. ఆసుపత్రి రికార్డు కూడా అదే కదా. వాళ్లకి పైన నేను ఏదన్నా ఇప్పిస్తాను, నా పూచీ."

"పొద్దున షిఫ్టు చేసిందీ సొలొమోనే, సాయంత్రం చేసిందీ సొలొమోనే అండి."

"అది నాకు తెలుసు. నీకూ తెలుసు. రాశామనుకో, ఏమవుతుంది? ఓవర్‌టైము ఎగ్గొట్టామని లేబరువాళ్లొస్తారు. నలభై ఎనిమిది గంటలు పనిలోకి రాలేకపోతే ఎలాగూ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకి నోటీసివ్వాలి. ఆయనొచ్చి మిగతా ఎనిమిదిమందినీ అడుగుతాడు. సీజను మధ్యలో మెషీన్లు ఆగుతాయి. అతని పేరు మార్చినందుకు ఇంతమందికి పని పోతుంది. ఆలోచించు."

"పేరు మార్చమనట్లేదండి. మార్చిన పేరు తీసెయ్యమంటున్నా."

"పోనీ ఇంకోలా రాయి. నిన్న పొద్దున థామస్ చేశాడు, సాయంత్రం సొలొమోను. కార్డులు తారుమారయ్యాయని. ఎవరికీ నష్టం లేదు."

ఆ దారి రాగసుధకి జీపులోనే తట్టింది. అలా రాస్తే సొలొమోనుకి తన పేరు దొరుకుతుంది. కంపెనీకి బాధుండదు. రేపటినుంచి మిగతా ఎనిమిదిమంది మళ్లీ రెండు కార్డులతో గేటు దాటతారు, రోలరు పక్కన నిద్రకళ్లతో నిలబడతారు. మార్చి నెల గడిలో పద్దెనిమిది అలాగే ఉంటుంది. ఆ పద్దెనిమిది కొట్టింది తన వేళ్లే.

"నేను రాసుకుని చూపిస్తాను సార్," అని లేచింది.

తన సీట్లోకొచ్చి తలుపు దగ్గరకేసింది. రిపోర్టులో పేరు సొలొమోను అని రాసింది. ఈఎస్ఐ నంబరు సొలొమోనుది వేసింది. ప్రమాదం జరిగినప్పుడు ఏ పని చేస్తున్నాడు అన్నచోట, ఉదయం ఆరు గంటల నుంచి వరుసగా రెండో షిఫ్టులో, వేరొకరి కార్డు మీద పనిచేస్తూ, అని రాసింది. ఆసుపత్రిలో పేరు పొరపాటున పడిందని, రోగి సొలొమోనేనని ఇంకో ఉత్తరం రాసింది. కంపెనీ లాగిన్ ఆవిడ చేతిలోనే ఉంటుంది. పంపించింది. నెల నెలా చలాన్ పంపినట్టే పంపింది.

తర్వాత పార్థసారథి గదికెళ్లింది. "పంపించేశా సార్."

"ఏమని?"

చెప్పింది. ఆయన కిటికీలోంచి లోడింగ్ దగ్గర ఆగున్న లారీల్ని చూశాడు. తిడతాడనుకుంది. తిట్టినా పర్లేదనుకుంది.

"చూపించి పంపుతానన్నావు," అన్నాడు.

"చూపిస్తే ఆపేవాళ్లు కదండి."

"ఆపేవాణ్ణే." కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "నువ్వు ఇంకా ఆ దుఃఖంలోనే ఉన్నావమ్మా. ఈ స్థితిలో నీ చేత ఈ పని చేయించకుండా ఉండాల్సింది."

"దుఃఖం కూడా లేదండి. అదే చూస్తున్నా," అంది రాగసుధ.

"సరే. ఎంతవుతుందో లెక్క వెయ్యి," అన్నాడు చివరికి. "రెండు నెలలకి, తొమ్మిదిమందికి. హైదరాబాదుకి నేనే చెప్పుకోవాలి."

*

ఇన్‌స్పెక్టరు మూడోరోజున వచ్చాడు. ప్రింటింగు రోలరుకి రక్షణ జాలీ పెట్టేదాకా ఆ మెషీను నడపొద్దని రాసిచ్చాడు. ఆ తర్వాత లేబరు ఆఫీసువాళ్లు వచ్చారు. ఎనిమిదిమందిని ఒక్కొక్కరినే పిలిచి అడిగారు. ముగ్గురు నిజం చెప్పారు. మిగతావాళ్లు తలొంచుకుని నిలబడ్డారు, అది కూడా చెప్పినట్టే అయింది. రెండో షిఫ్టులన్నిటికీ డబుల్ రేటు కట్టి, ఇచ్చిన సింగిల్ పోగా మిగిలింది ఇవ్వమన్నారు. దానిమీద ఈఎస్ఐ కూడా కట్టించారు. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు యజమాని కట్టాలని చట్టంలో ఉంది కనక కంపెనీయే కట్టి, దేవరాజ్ బిల్లులో కోసుకుంది. అన్నల, తమ్ముళ్ల పేర్లమీద పడిన రెండు నెలల పీఎఫ్ మాత్రం ఎవరిదని తేల్చాలో ఎవరికీ తెలియలేదు. దానికోసం ఉత్తరాలు నడుస్తూనే ఉన్నాయి.

అప్పటికి మార్చి మధ్యకొచ్చింది. రెండు మెషీన్లలో ఒకటే నడిచింది. ఒక సిమెంటు కంపెనీ ఆర్డరులో కొంత చేజారింది. హైదరాబాదునుంచి రాగసుధకి సంజాయిషీ అడుగుతూ మెయిలొచ్చింది. జవాబు రాసింది. ఆ ఏడు ఇంక్రిమెంటు ఆపేశారు. పార్థసారథికి కూడా ఆపేశారని తర్వాత తెలిసింది. ఆయన ఆ మాట ఆవిడతో అనలేదు.

ఒకరోజు గేటు దగ్గర కృష్ణయ్య అనే హెల్పరు అడ్డం వచ్చాడు. ఆ ఎనిమిదిమందిలో ఒకడు.

"మేడం, మీరు మంచే చేశారంటన్నారు అందరూ. డబుల్ డబ్బులొచ్చాయి, నిజమే. మరి ఇప్పట్నించీ? రెండో కూలి పోయింది. మా అమ్మాయికి ఇంటరు ఫీజు దానిమీదే అనుకున్నా. సొలొమోను ఏళ్లకి మేమందరం కట్టుకుంటన్నాం."

"పదహారు గంటలు నిలబడితే నీ చెయ్యి కూడా పోద్ది కృష్ణయ్యా."

"పోద్దేమోనండి. పోలేదుగా ఇంకా," అన్నాడతను. కోపంగా అనలేదు. అని పక్కకి తప్పుకున్నాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర దుర్గాంబతో ఈ సంగతి చెప్పింది రాగసుధ. ఆఫీసు విషయాలు ఇంట్లో చెప్పడం అదే మొదలు.

"అతనన్నదీ నిజమే," అంది దుర్గాంబ. "నువ్వు చేసిందీ సబబే. రెండూ కలవవు. ఏం చేస్తావు?"

"కొత్త సంవత్సరం బడ్జెట్ వెయ్యాలత్తయ్యా."

"వెయ్యి మరి. ఈసారి బుర్ర పెట్టి వెయ్యి."

*

బుర్ర పెట్టే వేసింది. అదే ఆవిడ చేయగలిగింది. సీజనులో నెత్తిన పడే పనిని సీజనుకి ముందుకి జరిపే మార్గం చూసింది. వానాకాలంలో మగ్గాలు సగం ఖాళీగా ఉంటాయి. మనుషుల్ని సెలవు పెట్టమని ఇంటికి పంపుతారు. ఆ నెలల్లోనే అచ్చువేయని గుడ్డ నేసి గోడౌనులో చుట్టలు పెట్టుకుంటే, జనవరిలో అచ్చు, కోత, కుట్టు మాత్రమే మిగులుతాయి. మగ్గాల దగ్గర మిగిలిన మనుషులకి పని నేర్పించి అటు జరుపుకోవచ్చు. నిలవ సరుకుమీద వడ్డీ పడుతుంది. ఆ వడ్డీనీ, సీజనులో ఓవర్‌టైమునీ పక్కపక్కన వేసి చూపింది. వడ్డీయే తక్కువ. నాగాలకి అదనపు మనుషుల్ని మళ్లీ పెట్టింది. ఓవర్‌టైము పద్దు కూడా పెంచింది, చట్టం ఒప్పుకునేంతవరకే, డబుల్ రేటున. కృష్ణయ్యలాంటివాళ్లకి నెలకి కొన్ని గంటలన్నా నిజమైన ఓవర్‌టైము దొరకాలని.

పార్థసారథి షీటంతా చదివాడు. నాగాలకి పెట్టిన ఇద్దరి గడి దగ్గర పెన్ను ఆపాడు. కొట్టెయ్యలేదు.

"హైదరాబాదువాళ్లు ఏమంటారో," అన్నాడు. "నేను పంపిస్తా."

ఏప్రిల్లో దేవరాజ్ కాంట్రాక్టు అయిపోయింది. మళ్లీ ఇవ్వలేదు. వెళ్లేరోజు అతను టైమాఫీసుకొచ్చి, "నేనొక్కణ్ణే దొంగనయ్యానా మేడం?" అన్నాడు. రాగసుధ "లేదండి" అంది. అది నిజమే గనక ఇంకేమీ కలపలేదు. అతను వెళ్లిపోయాడు.

కొత్త కాంట్రాక్టరుతో ఒప్పందం రాసేటప్పుడు రాగసుధ ఒక షరతు పట్టుబట్టి వేయించింది. పాతవాళ్లందర్నీ పాత సర్వీసుతో తీసుకోవాలి, ఈఎస్ఐ వైద్యంలో ఉన్నవాళ్లతో సహా. వైద్యంలో ఉన్నది ఒక్కడే. పేరెత్తి రాయక్కర్లేకపోయింది.

సొలొమోనుకి పనికి రాలేని రోజులన్నిటికీ ఈఎస్ఐ డబ్బు అతని పేరుమీదే, అతని ఎకౌంట్లోనే పడింది. జూన్లో మెడికల్ బోర్డుకి తన ఆధార్ కార్డుతో, తన పేరుతోనే వెళ్లాడు. ఎంత శాతం కోల్పోయాడో రాశారు. ఆ శాతాన్నిబట్టి ప్రతినెలా కొద్ది మొత్తం జీవితాంతం వస్తుంది. పెద్ద డబ్బేమీ కాదు. జయమణి ఫోన్ చేసి చెప్పింది. "వచ్చిందండి కాగితం. ఆయన పేరే ఉంది. తండ్రిపేరు కూడా కరెక్టుగానే ఉంది," అంది. "మంచిది," అంది రాగసుధ. అవతల ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు చెవి దగ్గరే పెట్టుకునుంది. తర్వాత లేచి నీళ్లు తాగింది.

జూలైలో సొలొమోను ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పట్టుకుని పనిలోకొచ్చాడు. మెషీను దగ్గర నిలబెట్టడానికి లేదు. మగ్గాలకి దారం కండెలు ఇచ్చేచోట ఒక మనిషి కావాలి. కూలి అంతే, తగ్గదు. బయట చినుకులు పడుతున్నాయి. తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. కుడిచెయ్యి లుంగీ మడతలో దాచుకున్నాడు. గమనించి బయటికి తీశాడు.

"ఎ షిఫ్టా, జనరల్ షిఫ్టా?" అంది రాగసుధ.

"జనరల్ ఇయ్యండి మేడం. పొద్దున్నే లేస్తే చెయ్యి లాగుతంది."

"వారం సెలవు ఏ రోజు?"

"ఆదివారం. చర్చికెళ్లాలి."

రాసుకుంది. కొత్త కార్డు అచ్చుకిస్తూ పేరు సరిచూడమని స్క్రీను అతనివైపు తిప్పింది. అతను వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుని, "కరెక్టేనండి," అన్నాడు.

కార్డు వచ్చేదాకా బెంచీమీద కూర్చోమంది. అతని వెనక ఇంకో నలుగురున్నారు, వానాకాలం నేతకి కొత్తగా చేరేవాళ్లు. రాగసుధ రెండోవాణ్ణి పిలిచింది.